గేటు తెరిచినప్పుడు ఆగండమ్మా

ఏమర్రా చెల్లెళ్లూ, కార్తీకం వస్తోందంటే మన కృష్ణా జిల్లాలో ఇంటింటా ప్రయాణం మాటలే కదా. గుడివాడలో మా మేనకోడలు ఈ మధ్య ఫోన్లో చిన్న చిన్న వీడియోలు తీయడం మొదలెట్టింది. "అత్తా, మొదటిసారి తీర్థానికెళ్లే వాళ్ల కోసం ఒకటి తీస్తాను, ఏం చూపించాలో చెప్పు" అంది. అన్ని క్షేత్రాలూ ఒక్క వీడియోలో కుక్కొద్దమ్మా, ఒక్క రోజు తీసుకో అన్నాను. కార్తీక పౌర్ణమి నాడు మంగినపూడిలో సముద్రస్నానం, అక్కణ్ణించి చిలకలపూడి పాండురంగడి దర్శనం. ఆ రోజున క్షేమంగా తిరిగి రావడం తెలిసిన పిల్ల మోపిదేవిలో షష్ఠికైనా, హంసలదీవిలో మాఘ పౌర్ణమికైనా, తిరుమలకైనా వెళ్లగలదు. దానికి చెప్పినవే మీకూ చెబుతాను.

ముందు సంచి సంగతి. చేతిలో వేలాడే సంచి జనంలో పనికిరాదు, పక్కవాళ్లకి తగిలి మనల్నే వెనక్కి లాగుతుంది. మెళ్లో అడ్డంగా వేసుకుని ముందువైపు ఉండే చిన్న సంచి చాలు. అందులో ఆధార్ కార్డు, చిల్లర, నీళ్ల సీసా, బీపీకో షుగరుకో రోజూ వేసుకునే మాత్రలు. తడిబట్టలకో ప్లాస్టిక్ కవరు, పొడిబట్టలకో గుడ్డసంచి. ఈ రెండూ ఒడ్డున కూర్చునే పెద్దావిడ దగ్గర ఉండాలి, క్యూలోకి రాకూడదు. పిల్లల జేబులో పేరు, అమ్మానాన్నల ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టి పిన్నీసు గుచ్చండి. అంత జనంలో ఫోన్లు కలవవు. అందుకని ఇంటి దగ్గరే ఒక మాట అనుకోవాలి: విడిపోతే ఎవరూ ఎవర్నీ వెతకొద్దు, అందరూ ఫలానా చోటికి వచ్చి నిలబడాలి. ఆ చోటు గుడి ముఖద్వారం మాత్రం కాకూడదు, విడిపోయిన వాళ్లందరూ అక్కడికే వస్తారు. కాస్త ఎడంగా ఉన్న దుకాణమో చెట్టో గుర్తు పెట్టుకోండి.

ఉపవాసం గురించి గట్టిగా చెప్పాలని ఉంది. పౌర్ణమి నాడు మన ఆడవాళ్లు తెల్లారగట్ల తలస్నానం చేసి, ఏమీ తినకుండా బస్సెక్కి, ఎండలో గంటల కొద్దీ నిలబడతారు. షుగరుకి మందు వాడే మనిషి అలా నిలబడితే కళ్లు తిరిగి పడిపోతుంది. క్యూలో ఒక మనిషి పడిపోవడమంటే ఆవిడ ఒక్కదానికే ఆపద కాదు. ఎందుకో చెబుతాను వినండి.

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో ఏం జరిగిందో గుర్తుందా? వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం ఊళ్లో చాలా చోట్ల జనం పొద్దుట్నించీ కాచుక్కూర్చున్నారు. బైరాగిపట్టెడ దగ్గర జనాన్ని ఒక పార్కులో కూర్చోబెట్టి గేటు వేసి ఉంచారు. లోపల ఒకావిడకి ఒంట్లో బాగోలేదు. ఆవిణ్ణి బయటికి తీసుకొద్దామని గేటు తెరిచారు. వెనకున్న వాళ్లకి ఆవిడ కనపడలేదు, తెరుచుకున్న గేటే కనపడింది. టోకెన్లు ఇస్తున్నారనుకుని ఒక్కసారిగా లేచారు. ఆ రాత్రి ఆరుగురు పోయారు.

వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరమ్మా. మన లాగా పిల్లల్ని వెంటబెట్టుకుని, మొక్కు మూటగట్టుకుని వచ్చినవాళ్లే. ముందున్న వాడికి ఊపిరాడ్డం లేదని వెనకున్న వాడికి తెలియదు. వెనకవాడు తోసేది చిన్న తోపే. అలాంటి చిన్న తోపులు వంద కలిసి ముందున్న మనిషి రొమ్ము మీద పడతాయి. తొక్కిసలాట అంటే కిందపడి తొక్కుడుపడడమే అనుకుంటాం గానీ, చాలామందికి నిలబడి ఉండగానే ఊపిరాగిపోతుంది. రొమ్ము విప్పారడానికి చోటు లేకపోతే గాలి లోపలికి వెళ్లదు.

అందుకే మేనకోడలితో అన్నాను, నీ వీడియోలో అన్నిటికంటే పెద్దగా వినపడాల్సిన మాట ఇదీ అని. గేటు తెరుచుకోగానే కదలొద్దు. పదంకెలు లెక్కపెట్టి, ముందున్న మనిషి నడిచాక నడువు. క్యూలో ముందు మనిషికీ నీకూ మధ్య చెయ్యెడు జాగా ఉంచు. వెనకావిడ "నడవండి, నడవండి, జాగా ఉందిగా" అంటుంది. ఆ జాగా ఊపిరికోసమమ్మా అని నెమ్మదిగా చెప్పు. పక్కన ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆ కబురు వెనక్కి పంపాలి. "ఒకావిడ పడిపోయింది, ఆగండి" అని అరిస్తే నలుగురు అందుకుంటారు, వాళ్ల వెనక నలుగురు అందుకుంటారు. ముందుకి తోసే జనానికి మందు అదొక్కటే.

రద్దీ ప్రమాదంలోకి వెళుతోందని ఎలా తెలుస్తుంది? నాలుగు పక్కలా మీటరు చొప్పున ఉన్న చోట ముగ్గురో నలుగురో ఉంటే మన ఇష్టప్రకారం నడవగలం. ఆరేడుగురైతే మన అడుగు మన చేతిలో ఉండదు. అక్కడ కొలత తీసుకుని ఎవరు చూస్తారు? ఒంటి గుర్తులు చూసుకోండి. రెండు భుజాలూ ఒకేసారి పక్కవాళ్లకి తగులుతున్నాయా? అయితే బయటపడే ఆలోచన చేయాల్సిన వేళయింది. చెయ్యెత్తి ముఖం తుడుచుకోలేకపోతున్నారా? ఆలస్యమైంది, ఇప్పుడే కదలండి. జనమంతా అల లాగా ఒక పక్కకి ఊగి మళ్లీ ఇటు ఊగుతున్నారా? అదే అసలు ప్రమాదం. అప్పుడు ఎదురు తోయకూడదు, ఉన్న బలం పోతుంది. రెండు చేతులూ మడిచి రొమ్ముకి ఎదురుగా అడ్డం పెట్టుకుని ఊపిరికి కాస్త చోటు కాపాడుకోవాలి. ఊపు వచ్చినప్పుడు దాంతో పాటు వెళ్లి, అది ఆగిన క్షణంలో ఏటవాలుగా పక్కకి రెండడుగులు వేయాలి. మళ్లీ ఊపు, మళ్లీ రెండడుగులు. గోడకీ ఇనపకమ్మీలకీ దూరంగా ఉండాలి, జనం వాటికేసే అదుముతారు. చెప్పు జారినా ఫోన్ పడినా వంగొద్దు. పిల్లల్ని చెయ్యి పట్టి నడిపించొద్దు, చంకకెత్తుకోండి, మన నడుం దగ్గర వాళ్లకి గాలి అందదు.

2025 నవంబరు 1, కార్తీక ఏకాదశి, శనివారం కూడా. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడిలో మెట్ల దగ్గర తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. లోపలికెళ్లే వాళ్లకీ బయటికొచ్చే వాళ్లకీ అక్కడ ఒకటే దారి. జనం ఒత్తిడికి మెట్ల పక్కన కమ్మీ కూలింది. ఇది చదివాక నేను ఏ గుడికెళ్లినా ముందు బయటికొచ్చే దారి ఎటుందో చూసుకుంటున్నాను. వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటేనైతే, మెట్ల మీద రెండు వైపులా జనం ఉంటే, దణ్ణం బయట్నుంచే పెట్టుకుని ఒక గంట ఆగుతాను. స్వామి ఎక్కడికీ వెళ్లడు. ముహూర్తం దాటిపోతుందనే తొందర కూడా మనల్ని ఇలాగే ముంచుతుంది. 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమహేంద్రవరం పుష్కర ఘాట్లో పాతిక మందికి పైగా పోయారు. పుష్కరం పన్నెండు రోజులుంది, గోదారి పొడుగునా రేవులున్నాయి. అందరం ఆ మొదటి ఘడియకే, ఆ ఒక్క రేవుకే వెళ్లాం.

ఇక మంగినపూడి. మిగతా తీరాల్లా అక్కడ ఇసక కాదు, నల్ల బురదమట్టి. కాలు దిగబడుతుంది. అల వెనక్కి లాగేటప్పుడు కాలు బురదలో ఉంటే తూలి పడతాం. మోకాలి లోతు దాటొద్దు. పౌర్ణమికి పోటు ఎక్కువ, దిగేటప్పుడు చూసిన లోతు కాసేపటికి అలాగే ఉండదు. తడిసిన చీర కాళ్లకి చుట్టుకుంటుంది. కుచ్చెళ్లు పైకి దోపుకుని, పైట నడుముకి బిగించి దిగండి, చుడీదారైతే మరీ మంచిది. సముద్రానికి వీపు పెట్టి ఫోటో దిగొద్దు. పిల్లల్ని పట్టుకునేటప్పుడు వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి.

దీపాల దగ్గర మన ఆడవాళ్లకి ఇంకో అపాయం ఉంది. మూడువందల అరవై అయిదు వత్తుల కట్ట నూనెలో నానితే చిన్న దీపంలా వెలగదు, పెద్ద మంట లేస్తుంది. పక్కావిడ దీపం మన వెనకే ఉంటుంది, మన పైట చెంగు వెళ్లి దాని మీద పడుతుంది. ఆ రోజుకి నూలు చీరే కట్టుకోండి, సింథటిక్ చీర కరిగి ఒంటికి అంటుకుంటుంది. చెంగు చుట్టి దోపి పిన్నీసు పెట్టండి. అంటుకుంటే పరుగెత్తొద్దు, పరుగెడితే మంట పెరుగుతుంది. నేల మీద పడి దొర్లాలి, పక్కవాళ్లు నీళ్లు పొయ్యాలి.

పాండురంగడి గుడి 1929లో భక్త నరసింహం గారు కట్టించింది. స్వామి పాదాలు తాకి దణ్ణం పెట్టుకోవడం అక్కడి భాగ్యం. దాంతో ఒక్కొక్కరికీ కాస్త సమయం పడుతుంది, బయట క్యూ మెల్లిగా కదులుతుంది. ఇది తెలిసి వెళితే సహనం ఉంటుంది. తాకిన వెంటనే పక్కకి తప్పుకోవాలి. గోత్రనామాలు, కోరికలు, కళ్లు మూసుకుని చెప్పుకునే మాటలన్నీ బయట మండపంలో కూర్చుని చెప్పుకోవచ్చు. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి మళ్లీ దణ్ణం పెడతాం చూడండి, ఆ ఒక్క అలవాటు మానుకుందాం. ఇరుకు గుమ్మంలో ఒక్క మనిషి ఆగితే వెనక యాభై మంది ఒకరి మీదొకరు పడతారు. పిల్లల్ని కమ్మీల కింద నుంచి ముందుకి పంపించడం, "మా వాళ్లు ముందున్నారు" అని నలుగుర్ని తోసుకుని వెళ్లడం కూడా అంతే.

చివరగా, ఎవరైనా పడిపోతే. చుట్టూ మూగొద్దు, గాలి తగలనివ్వండి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడిమధ్య రెండు చేతులూ ఒకదాని మీదొకటి పెట్టి, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు, రెండంగుళాలు దిగేలా గట్టిగా నొక్కుతూ ఉండండి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి, ఒకరు పోలీసుల్ని పిలుచుకురావాలి, 112కి చేసినా వస్తారు. అంబులెన్సు వాళ్లొచ్చి "మేం చూసుకుంటాం" అనేదాకా నొక్కడం ఆపొద్దు, చేతులు నొప్పెడితే పక్కావిడకి అప్పగించండి.