ఆ రెండు మాటలు కొట్టేయండి

సంక్రాంతికి శనివారం, సోమవారం లీవు కావాలని ఒక కంపెనీలో ముగ్గురు టెక్నీషియన్లు అప్లై చేశారు. మధ్యలో ఆదివారం ఎలాగూ వారపు సెలవే. ముగ్గురి అకౌంట్లోనూ ఈఎల్ బ్యాలెన్స్ ఉంది. కాకపోతే ముగ్గురూ మూడు సెక్షన్లవాళ్లు, మేనేజర్లు వేరు. మొదటాయన రెండు రోజులు కోసి శాంక్షన్ చేశాడు. రెండో ఆయన ఆదివారాన్ని కూడా లెక్కేసి మూడు రోజులు కోశాడు. మూడో ఆయన ‘పండక్కి అందరూ ఊరెళ్తే మెషిన్లు ఎవరు చూస్తారు’ అని నోటిమాటగా పంపేశాడు.

ముగ్గురు మేనేజర్లూ పాలసీ ప్రకారమే నడుచుకున్నామన్నారు. నిజమే. ఆ పాలసీ రాసింది నేనే. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ, నగరంలో ఒక ఆఫీసు, రెండూ కలిపి మూడొందల మంది. అందులో నేను గర్వంగా రాసుకున్న వాక్యం ఇది: ‘పని అవసరాలను దృష్టిలో పెట్టుకుని, ఉద్యోగి తగినంత ముందుగా కోరినట్లయితే, మేనేజర్ విచక్షణ మేరకు సెలవు మంజూరు చేయవచ్చు.’ చదవడానికి ఎంత పెద్దమనిషి తరహాగా ఉందో చూడండి. ‘తగినంత ముందుగా’ అంటే ఎన్ని రోజులో అందులో లేదు. ‘పని అవసరాలు’ అంటే ఏవో లేదు. మిగిలిందంతా ‘విచక్షణ మేరకు’ అన్న రెండు మాటల మీద పడింది.

ఆ మాటలు నేనెందుకు రాశానో ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఎవరికీ ‘లేదు’ అని చెప్పలేని స్వభావం నాది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. పాలసీలో నేను చెప్పలేకపోయిన ‘లేదు’ను మేనేజర్ల మీదకు నెట్టాను. వాళ్లలో మెతకవాడు అందరికీ ఇచ్చాడు, మొండివాడు ఎవరికీ ఇవ్వలేదు. ఉద్యోగి సెలవు అతను ఏ సెక్షన్లో పడ్డాడన్న అదృష్టాన్ని బట్టి తేలింది.

తిరగరాయడం మొదలుపెట్టినప్పుడు ముందు ఆదివారం సంగతి చూశాను. సెలవుల మధ్య పడ్డ ఆదివారాన్ని కూడా లీవుగా కోయడాన్ని ఆఫీసుల్లో శాండ్‌విచ్ అంటారు. ఆ రెండో మేనేజర్‌కు అది పాత కంపెనీ నుంచి వచ్చిన అలవాటు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ మాత్రం జీతంతో కూడిన వార్షిక సెలవులోంచి, మధ్యలో వచ్చినా చివర వచ్చినా, సెలవు దినాలను మినహాయించే లెక్కపెట్టాలనేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ సెలవు లెక్క ఆ దారిలోనే ఉంది. అంటే అక్కడ మేనేజర్ విచక్షణకు చోటే లేదు. చట్టం తేల్చేసిన విషయాన్ని నేను రాయకుండా వదిలేస్తే, ఆ ఖాళీని ఆయన తన అలవాటుతో నింపాడు. ఇప్పుడు పాలసీలో ఒక పొట్టి వాక్యం ఉంది: ‘వారపు సెలవులు, పండగ సెలవులు ఈఎల్‌లో కోయరాదు.’

శాంక్షన్ దగ్గర ఎక్కువ రోజులు కూర్చున్నాను. మూడు రోజులు, అంతకు పైన కావాలంటే 15 రోజుల ముందు అడగాలి అని రాశాను. ఫ్యాక్టరీల చట్టం పెట్టిన గడువు కూడా అదే. ఒకటి రెండు రోజులకైతే రెండు పనిదినాల ముందు చాలు. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. అడిగినవాడికి గడువు పెట్టి, జవాబు చెప్పాల్సినవాడికి పెట్టకపోవడం మన పాలసీల్లో మామూలే. మేనేజర్లు లీవు కాదనరు, ‘చూద్దాం’ అంటారు. ఆ ‘చూద్దాం’ రైలు టికెట్లు అయిపోయేదాకా సాగుతుంది. అందుకే 15 రోజుల ముందు అడిగిన లీవుకు మేనేజర్ ఐదు పనిదినాల్లో జవాబివ్వాలి, లేకుంటే అప్లికేషన్ పైఅధికారికి వెళ్తుంది, ఆయనా మూడు పనిదినాలు మాట్లాడకపోతే శాంక్షన్ అయినట్టే అని పెట్టాను. ఎనిమిది పనిదినాలు గడిచినా ప్రయాణానికి ఇంకా కొన్ని రోజులు మిగులుతాయి.

కాదనడానికి రెండే కారణాలు ఉంచాను. ఒకటి, సెక్షన్లో ఉండాల్సిన కనీస సంఖ్య. మెయింటెనెన్స్‌లో ఎనిమిది మంది ఉంటే ఐదుగురు తప్పనిసరిగా ఉండాలని ఏడాది మొదట్లోనే బోర్డు మీద రాసి పెట్టాలి. అప్పుడు ఒకేసారి ముగ్గురు వెళ్లొచ్చు, నాలుగోవాడు ఆగాలి. రెండోది, ముందు అడిగినవాడు ముందు. ఇది మామూలు రోజులకు సరిపోతుంది, సంక్రాంతికి సరిపోదు. డిసెంబర్ ఒకటో తేదీ పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చునేవాడికే ప్రతి ఏడూ పండగ దక్కుతుంది. కాబట్టి దసరా, సంక్రాంతి లాంటి పండగలకు క్రితం ఏడాది వెళ్లినవాళ్లు వరసలో వెనక్కి జరగాలని రాశాను. కాదన్న మేనేజర్ ఆ కారణాన్ని, ఇవ్వగల వేరే తేదీలను సిస్టమ్‌లో రాయాలి. నోటిమాట తిరస్కారం చెల్లదు.

ఈ రాతపూర్వక తిరస్కారం అన్న మాటకు మేనేజర్ల మీటింగ్‌లో పెద్ద గొడవైంది. ‘మమ్మల్ని నమ్మరాండీ?’ అన్నాడు ఒక సీనియర్. దానికి జవాబు డిసెంబర్ 31న దొరికింది.

ఒక సీనియర్ టెక్నీషియన్ లెక్క చెబుతాను. ఏడాది చివర అతని ఈఎల్ బ్యాలెన్స్ 41 రోజులు. ఫ్యాక్టరీ కార్మికులకు క్యారీ ఫార్వర్డ్ పరిమితి 30. పాత పద్ధతిలో అయితే పే రోల్ అమ్మాయి 30 ఉంచి, 11 రోజులు ల్యాప్స్ అని కొట్టేసేది. అతను మాత్రం దసరాకు ఆరు రోజులు గడువులోగానే అడిగాడు. సంఖ్య సరిపోదని మేనేజర్ కాదన్నాడు, అది సిస్టమ్‌లో ఉంది. అడిగినా ఇవ్వని సెలవుకు పరిమితి వర్తించదని ఫ్యాక్టరీల చట్టమూ అన్నది, కొత్త కోడూ అంటోంది. కాబట్టి ఆ ఆరూ 30కి పైన చేరతాయి, 36 కొత్త సంవత్సరంలోకి వెళ్తాయి. మిగిలిన ఐదు రోజులకు కొత్త కోడ్ ప్రకారం అతను డబ్బు అడగొచ్చు. ఒక్కటి కూడా ల్యాప్స్ కాలేదు. అదే నోటిమాటగా కాదని ఉంటే ఆ ఆరు రోజులకు సాక్ష్యమే ఉండేది కాదు. కాదనడం మేనేజర్ హక్కే. అయితే ప్రతి ‘కాదు’ కంపెనీ లెక్కల్లో ఒక రోజు బాకీగా కూర్చుంటుంది. అది తెలిశాక ఆ సీనియర్ మేనేజర్ కూడా కనీస సంఖ్యను ఆరు నుంచి ఐదుకు తగ్గించుకున్నాడు.

ఆఫీసువాళ్ల దగ్గర నేను ఇంకో తప్పు చేయబోయాను. అందరికీ 30 అని ఒకే అంకె వేస్తే తేలిగ్గా ఉంటుందనుకున్నాను. తెలంగాణలో ఆఫీసులకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. అది 240 రోజులు పనిచేసినవాళ్లకు ఏటా 15 రోజుల సెలవిచ్చి, 60 రోజుల దాకా పోగు చేసుకోనిస్తుంది. అర్హతకు కొత్త కోడ్ 180 రోజులే అడుగుతుంది. ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున సెలవిస్తుంది. చట్టం కన్నా కంపెనీ ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. అందుకని 30, 60 అని రెండు వరసల పట్టిక వేసి, ఎవరు ఏ వరసలోకి వస్తారో పేరుపేరునా అపాయింట్‌మెంట్ లెటర్లోనే రాయించాను. మేనేజర్‌కు చట్టం తెలియనక్కర్లేదు, తన మనిషి ఏ వరసో తెలిస్తే చాలు.

ఇక ఎన్‌క్యాష్‌మెంట్. పాలసీలో ‘ఒక రోజు జీతం చొప్పున చెల్లిస్తారు’ అని ఉండేది. ఏ జీతం? దేనితో భాగించాలి? పైన చెప్పిన టెక్నీషియన్‌కు బేసిక్, డీఏ కలిపి నెలకు 31,200 రూపాయలు. 30తో భాగిస్తే రోజుకు 1,040. 26తో భాగిస్తే 1,200. ఐదు రోజులకు 5,200కీ 6,000కీ తేడా 800. ఫ్యాక్టరీ అకౌంటెంట్ 26 వాడుతున్నాడు, ఆఫీసు అకౌంటెంట్ 30 వాడుతున్నాడు. ఇద్దరూ మంచివాళ్లే, ఎవరి లెక్క వాళ్లది. నా తీర్పు 26 వైపే. ఆదివారాన్ని లీవుగా కోయనప్పుడు, డబ్బిచ్చేటప్పుడు మాత్రం ఆదివారాలను కలిపి భాగించడం న్యాయం కాదు. వారానికి ఐదు రోజులే పనిచేసే ఆఫీసులో ఇదే తర్కంతో 22 అవుతుంది. దానికి ఫైనాన్స్‌వాళ్లు ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది.

అలాగే ఏ నెల జీతం తీసుకోవాలో కూడా రాయాలి. డిసెంబర్ జీతం అని రాశాను. మూడేళ్ల కిందట సంపాదించిన లీవుకు అప్పటి జీతం లెక్కగట్టాలని ఒకరు వాదించారు, కానీ ఆ లెక్క ఏ మేనేజర్ చేయగలడు? ఉద్యోగంలో ఉండగా తీసుకున్న ఎన్‌క్యాష్‌మెంట్ మీద పూర్తిగా ఆదాయపు పన్ను పడుతుందని కూడా చేర్చాను. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే మొత్తానికి మాత్రం ప్రైవేటువాళ్లకు మినహాయింపు ఉంది. 2023 నుంచి దాని గరిష్ఠ పరిమితి 25 లక్షలు. ఈ సంగతి ముందే తెలిస్తే జనవరి పే స్లిప్ చూసి ‘నా డబ్బు కోశారు’ అని ఎవరూ హెచ్‌ఆర్ గదికి రారు.

విచక్షణ అన్నది పూర్తిగా పోలేదు. ఇంట్లో ఎవరైనా పోతే 15 రోజుల ముందు ఎవడు అడుగుతాడు? అలాంటప్పుడు మేనేజర్ నియమం దాటి ఇవ్వొచ్చు. కాకపోతే ఇచ్చిన కారణం కూడా ఒక వాక్యం రాయాలి. కాదన్నప్పుడే కారణం చెప్పాలని మనకో అలవాటు. అడిగినవాడు మనవాడైతే ‘సరే పో’ అనేసి మరిచిపోతాం. అదే కష్టం ఇంకో సెక్షన్లో ఇంకొకడికి వచ్చినప్పుడు ఆ మరిచిపోయిన ‘సరే’ పక్షపాతంగా బయటికొస్తుంది. నాకు కాదనడం కన్నా ఈ ‘సరే’ను కాగితం మీద పెట్టడమే కష్టమైంది.

చివరికి పాలసీని ఆమోదానికి పంపే ముందు, మొదట్లో చెప్పిన ఆ ముగ్గురు మేనేజర్లనే మూడు గదుల్లో కూర్చోబెట్టాను. పేర్లు తీసేసిన ఆరు పాత అప్లికేషన్లు ఇచ్చి, కొత్త పాలసీ చూసి జవాబులు రాయమన్నాను. నాలుగింటికి ఒకే జవాబు వచ్చింది, రెండింటికి రాలేదు. తేడా వచ్చిన రెండు చోట్లా మేనేజర్లను ఏమీ అనలేదు, నా వాక్యాలే మార్చాను. ఒక చోట ‘రోజులు’ అన్నదాన్ని ‘పనిదినాలు’ చేశాను. ఇంకో చోట సగం రోజు లీవును నేను అసలు ఊహించనే లేదు.

మీ కంపెనీ లీవు పాలసీ మీ మెయిల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఒకసారి తెరిచి, తిరస్కరించిన సెలవు ఏమవుతుందో అందులో రాసి ఉందేమో వెతకండి. లేకపోతే ఈ డిసెంబర్ లోపే అడగండి.