సిగ్నల్ గీతలు ఉన్నా నెట్ రాకపోతే: ఊరి ఇంట్లో సిమ్ రౌటర్, బయటి యాంటెన్నా



దసరా సెలవులకు పిల్లలు హాస్టల్ నుంచి ఇంటికి చేరిన రెండో రోజు నుంచి మా కంప్యూటర్ ల్యాబ్‌కు ఫోన్లు మొదలవుతాయి. ఎక్కువగా చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు నుంచి. "సార్, రౌటర్ కొన్నాం, గీతలు కూడా రెండు కనిపిస్తున్నయి, నెట్ మాత్రం వస్తలేదు" అంటారు. ఇంకొందరిది మరో ఇబ్బంది. పాఠం వీడియో ఆగుతూ ఆగుతూ అయినా నడుస్తుంది కానీ, బాబు రాసిన జవాబు పత్రం ఫోటోలు మాత్రం అప్‌లోడ్ కావు. రాత్రి ఎనిమిదింటికి బండి మీద రోడ్డెక్కి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి పంపి రావాలి. అడవి పక్క దారి, పైగా చీకటి. అందుకే ఈ నెల ఈ విషయమే రాస్తున్నాను.

పై రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది అమరికల్లో ఉంటుంది, దానికి పైసా ఖర్చు లేదు. రెండోది సిగ్నల్ బలహీనత. మొదటిది చూడకుండా రెండోదానికి డబ్బు పెట్టకండి.

ముందు అమరికలు. సిమ్‌ను ఒకసారి ఫోన్‌లో వేసి డేటా నడుస్తోందో లేదో, పిన్ అడుగుతోందో లేదో చూడండి. పిన్ ఉంటే తీసేయండి. రౌటర్ స్విచ్ ఆపిన తర్వాతే సిమ్ అందులో పెట్టండి. ఇప్పుడు ఫోన్‌ను రౌటర్ వైఫైకి కలిపి, రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న చిరునామాను బ్రౌజర్‌లో కొట్టండి. చాలా వాటికి అది 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. లోపల సిగ్నల్ కనిపిస్తూ, కంపెనీ పేరు కూడా కనిపిస్తూ, IP Address దగ్గర మాత్రం ఖాళీగానో 0.0.0.0 అనో ఉంటే అనుమానం ఏపీఎన్ మీదే. టవర్ మీ సిమ్‌ను గుర్తుపట్టింది కానీ, ఇంటర్నెట్‌కు వెళ్లే ద్వారం పేరు రౌటర్‌కు తెలియలేదన్నమాట. ఆ ద్వారం పేరే ఏపీఎన్. ఫోన్లు దాన్ని సిమ్ చూసి తామే పెట్టుకుంటాయి. కొన్ని రౌటర్లు పాత సిమ్ పేరునే పట్టుకుని కూర్చుంటాయి.

కొత్త ప్రొఫైల్ తెరిచి, మీ సిమ్ ఏ కంపెనీదో చూసి ఈ మూడింటిలో ఒకటి కొట్టండి. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేస్తుంది, అది గమనించండి.

```
BSNL    bsnlnet
Airtel  airtelgprs.com
Jio     jionet
```

Username, Password ఖాళీగా వదిలేయండి. Authentication దగ్గర None పెట్టండి. PDP Type లేదా IP Type అన్న చోట IPv4v6 ఎంచుకోండి. ఆ కొత్త ప్రొఫైల్‌ను Default చేసి, సేవ్ చేసి, రౌటర్‌ను ఆపి మళ్లీ వేయండి. చాలామంది ప్రొఫైల్ చేస్తారు కానీ Default నొక్కడం మరచిపోతారు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూడాల్సిన మీట ఇంకొకటి ఉంది, Data Roaming. దాన్ని ఆన్‌లో ఉంచండి. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్, అది వేరే టెలికాం సర్కిల్. అక్కడి టవర్ సిగ్నల్ ఇటు పడితే రౌటర్ దాన్ని రోమింగ్‌గా లెక్కించి డేటా ఆపేస్తుంది. పైగా ప్రభుత్వ నిధితో మారుమూల ఊళ్లలో కట్టిన 4జీ టవర్లను వేరే కంపెనీల సిమ్‌లు కూడా వాడుకునే ఏర్పాటు 2025 జనవరి 17న మొదలైంది. అలాంటి టవర్ మీ దగ్గరుంటే దాన్ని కూడా రౌటర్ రోమింగ్ అనుకోవచ్చు.

ఇక సిగ్నల్ సంగతి. గీతలను నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. రౌటర్ పేజీలో RSRP, SINR అని రెండు అంకెలుంటాయి. మొదటిది టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెబుతుంది. అది మైనస్‌లో ఉంటుంది. మైనస్ 90 బాగున్నట్టు, మైనస్ 110 బలహీనం, మైనస్ 120 అంటే ఊపిరి పోయే దశ. రెండోది ఆ సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెబుతుంది. ఇది పెరిగేకొద్దీ మంచిది, సున్నా దగ్గరుంటే కష్టం. మూడు అంకెలు మెరుగైతే శక్తి రెట్టింపైనట్టు, పది మెరుగైతే పదింతలైనట్టు. వీడియో వచ్చినా ఫోటో వెళ్లకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. టవర్ గొంతు పెద్దది, మన రౌటర్ గొంతు వాట్‌లో అయిదో వంతు మాత్రమే. టవర్ మాట మనకు వినబడినా, మన మాట దానికి వినబడదు. మంచి యాంటెన్నా రెండు వైపులా సాయం చేస్తుంది.

నిరుడు దసరాకు దుమ్ముగూడెం మండలంలో ఒక విద్యార్థి ఇంటికి వెళ్లాను. పెంకుటిల్లు, వెనక టేకు వనం. ఇంట్లో RSRP మైనస్ 117, SINR 1. వాళ్ల నాన్నగారు అప్పటికే పైకప్పు మీద జీఐ పైపుకు మంచి యాంటెన్నా కట్టించారు. అక్కడి నుంచి పదిహేను మీటర్ల సన్న నల్ల కేబుల్ హాల్లోకి దింపి, టీవీ పక్కన రౌటర్ పెట్టారు. ఇంత చేస్తే వచ్చింది మైనస్ 111. "ఏడువేలు పెడితే ఆరు అంకెలేనా సార్" అన్నారాయన.

లెక్క వేసి చూపించాను. యాంటెన్నా కలపకుండా, రౌటర్‌ను సొంత చిన్న యాంటెన్నాలతోనే ఎక్స్‌టెన్షన్ బోర్డుతో పైకప్పు మీదికి తీసుకెళితే మైనస్ 106 చూపింది. అంటే ఎత్తు వల్లే పదకొండు వచ్చింది. పెద్ద యాంటెన్నా రౌటర్ సొంత యాంటెన్నాల కంటే దాదాపు ఏడు ఎక్కువ ఇవ్వాలి. మొత్తం పద్దెనిమిది. వచ్చింది ఆరు. మిగతా పన్నెండూ కేబుల్ తినేసింది. ఆర్జీ-58 అనే ఆ సన్న కేబుల్ 1800 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు 0.8 డెసిబెల్ మింగుతుంది. పదిహేను మీటర్లకు పన్నెండు. వేలెడు లావుండే ఎల్ఎంఆర్-400 కేబుల్ మీటరుకు 0.2 మాత్రమే తింటుంది కానీ, ఖరీదెక్కువ, గోడ మూల దగ్గర వంగదు.

మేం కొత్తగా ఏమీ కొనలేదు. రౌటర్‌నే అటక మీదికి ఎక్కించి, యాంటెన్నా కేబుల్‌ను మూడు మీటర్లకు కోయించి కనెక్టర్ వేయించాం. అటక నుంచి చదువుకునే గదికి ల్యాన్ కేబుల్ దించాం. ల్యాన్ కేబుల్ వంద మీటర్ల దాకా వేగం పోకుండా తీసుకెళుతుంది, ధర కూడా తక్కువ. RSRP మైనస్ 101కి వచ్చింది. ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇదే: సిగ్నల్‌ను కిందికి దించకండి, రౌటర్‌ను పైకి తీసుకెళ్లండి. రేకుల ఇల్లయితే మాత్రం రేకు కిందే పెట్టకండి, మే నెల వేడికి రౌటర్ ఆగిపోతుంది. గోడ మీద నీడ పట్టున పెట్టండి.

తర్వాత దిశ. ఆయన యాంటెన్నాను రాత్రి ఎర్ర దీపం కనిపించే టవర్ వైపు తిప్పించారు. ఆ టవర్‌కూ ఇంటికీ మధ్య టేకు వనం అడ్డం. పైగా కనిపించే టవర్ మీ సిమ్ కంపెనీదే కావాలని లేదు. ఒకరు పైన పైపును గడియారం ముల్లులా ఒక్కో గంట అంత తిప్పుతుంటే, కింద అబ్బాయి ప్రతిసారీ నిమిషం ఆగి SINR నోటుబుక్కులో రాశాడు. గోదావరి ఇసుక తిన్నెల వైపు తిప్పినప్పుడు అంకె 4 నుంచి 11కి ఎగిరింది. టవర్ దూరమే అయినా మధ్యలో చెట్లు లేవు.

ఈ చెట్ల సంగతి బయట ఊళ్ల మెకానిక్‌లకు తట్టదు. ఆకులో ఉండే నీరు సిగ్నల్‌ను పీలుస్తుంది. టేకు వేసవికి ఆకు రాల్చి, వానలకు మళ్లీ చిగురిస్తుంది. ఏప్రిల్‌లో చూసుకుని "సిగ్నల్ బ్రహ్మాండం" అనుకున్న ఇంట్లో జూలైకి నెట్ పడిపోవడం అందుకే. ఎండాకాలం బిగిస్తే పది అంకెల వరకు మిగులు ఉండేలా చూసుకోండి. జామాయిల్ తోట అయితే ఏడాదంతా ఆకే. అది పెరిగేకొద్దీ యాంటెన్నా కూడా పైకి పోవాలి.

కొనేముందు మూడు విషయాలు అడగండి. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. అడవిలో చొచ్చుకొచ్చేది 700. రౌటర్ వివరాల్లో Band 28 లేకపోతే ఆ సిగ్నల్ దానికి కనబడదు. 1700 నుంచి 2700 వరకే పనిచేసే యాంటెన్నాలు కూడా అమ్ముతారు, అవీ 700కు పనికిరావు. రెండోది, రౌటర్ వెనక కనిపించే యాంటెన్నాలు వైఫైవి కావచ్చు. సిమ్ యాంటెన్నాకు వేరే సాకెట్లు ఉన్నాయా, రెండున్నాయా చూడండి. రెండుంటే రెండూ వాడాలి. రెండు యాంటెన్నాలనూ ఒకే దిశకు చూపిస్తూ, ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి 45 డిగ్రీలు వాల్చి కట్టాలి. మూడోది కనెక్టర్. రౌటర్ సాకెట్ మధ్యలో రంధ్రం, కేబుల్ చివర పిన్ను ఉండాలి. రెండు వైపులా రంధ్రాలే ఉంటే మర చక్కగా బిగుస్తుంది, లోపల మాత్రం తగలదు. బిగించాక రౌటర్ పేజీలో Antenna దగ్గర External ఎంచుకోవాల్సి రావచ్చు.

సిగ్నల్ బూస్టర్ అనే పెట్టెలు మాత్రం కొనకండి. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం, చుట్టుపక్కల ఫోన్ల సిగ్నల్ దెబ్బతినవచ్చు. బయటి యాంటెన్నాకు ఆ ఇబ్బంది లేదు. అయితే పైకప్పు మీద కూడా RSRP అసలు చూపించని ఇంటికి ఏ యాంటెన్నా పనిచేయదు. అందుకే కొనేముందే రౌటర్‌ను పైకి తీసుకెళ్లి చూడమంటున్నాను. అంకెలు బాగుండి, తెల్లవారుజామున వేగంగా నడిచి, రాత్రి ఎనిమిదింటికి మందగిస్తే అది టవర్ మీద రద్దీ, మీ ఇంటి తప్పు కాదు.

పైపు కరెంటు తీగలకు దూరంగా ఉండాలి, ఎర్తింగ్ వేయించాలి. ఉరుములు మొదలవుతున్నాయనగానే రౌటర్ ప్లగ్గు, యాంటెన్నా కేబుల్ రెండూ తీసేయండి. ఉరుములు నెత్తి మీదికి వచ్చేశాక మాత్రం వాటి జోలికి వెళ్లకండి. బయటి కనెక్టర్ మీద రబ్బరు టేపు చుట్టించి, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట కిందికి ఒక వంపు వదిలితే వాననీరు అక్కడే కారిపోతుంది.

ఆ ఇంట్లో ఈ జూలైలో మళ్లీ చూశాం. వాన పడుతుండగా మైనస్ 106, SINR 7. అబ్బాయి నాలుగు పేజీల జవాబు పత్రం ఇంట్లో కూర్చునే పంపాడు.