ఆపరేషన్‌కు ముందు పాల టీ ఎందుకు వద్దు?

ప్రశ్న: మా నాన్నగారికి ఉదయం 9 గంటలకు హెర్నియా ఆపరేషన్. చార్టులో 'ఎన్‌పీఓ' అని రాశారు. 6 గంటలకు అర గ్లాసు టీ తాగారని వాయిదా వేశారు. అంతమాత్రానికేనా?
– ఒక పాఠకురాలు, నవాగామ్, సూరత్

జవాబు: వాయిదా వేయడమే సరైనదమ్మా. ఎన్‌పీఓ అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని నర్సులకు సూచన. మత్తులో అన్నవాహిక చివర బిగువు సడలుతుంది, దగ్గు కూడా రాదు. కడుపులో ఉన్నది పైకి తన్నితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందులోని ఆమ్లం వాటిని దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. నడుముకి ఇంజెక్షన్ ఇచ్చినా ఒక్కోసారి పూర్తి మత్తు అవసరమవుతుంది కాబట్టి ఈ నియమం తప్పదు.

మంచినీళ్లు త్వరగా కడుపు దాటిపోతాయి. పాలు కడుపులో విరిగి గడ్డకడతాయి, అందుకే పాల టీని తేలికపాటి ఆహారంగానే లెక్కిస్తారు. సాధారణంగా నీళ్లకు 2 గంటలు, పాలకు, ఇడ్లీకి 6, నూనె వంటకాలకు, మాంసానికి 8 గంటల ఎడం ఉండాలి. అంటే 9 గంటల ఆపరేషన్‌కు రాత్రి భోజనమే ఆఖరు. డాక్టరు అనుమతిస్తే 7 దాకా మంచినీళ్లు తాగవచ్చు.

షుగరు ఉన్నవారికి కడుపు నెమ్మదిగా ఖాళీ కావచ్చు. బీపీ, షుగరు మందుల్లో ఏవి వేసుకోవాలో, ఏవి ఆపాలో మత్తు డాక్టరునే అడగండి. పొరపాటున ఏదైనా తీసుకుంటే, ఏమిటో, ఎన్ని గంటలకో దాచకుండా చెప్పండి.