అన్నా, దిగేది ఉంది! షేరింగ్ ఆటోలో పిల్లలకు రావలసిన పిలుపు



స్కూల్ బస్సు ఇంటి సందు దగ్గర ఆగుతుంది, అటెండర్ పిల్లవాడిని చేయి పట్టి దింపుతుంది. కానీ ఎనిమిదో తరగతి దాటాక సాయంత్రం స్టడీ అవర్స్ మొదలవుతాయి, ట్యూషన్లు మొదలవుతాయి. బస్సు టైముకు కుదరదు. గోదావరిఖని చౌరస్తాలో ఎన్టీపీసీ వైపో, యైటింక్లయిన్ కాలనీ వైపో వెళ్లే షేరింగ్ ఆటో ఎక్కక తప్పని రోజు మీ ఇంట్లోనూ వస్తుంది. అందులో కండక్టర్ ఉండడు, గంట ఉండదు. స్టాప్ అని రాసిన బోర్డూ ఉండదు. ఎవరు ఎక్కడ దిగాలో వాళ్లే పిలిచి చెప్పాలి. క్లాసులో చక్కగా చేయెత్తి జవాబు చెప్పే పిల్లలు కూడా ఇక్కడ నోరు మెదపలేక, స్టాప్ దాటిపోయాక రాజీవ్ రహదారి మీద దిగి బొగ్గు లారీల పక్క నుంచి వెనక్కి నడుస్తారు. ఈ నెల పాఠం ఆ పిలుపు గురించే.

ముందుగా, స్టాప్ పేరు. మన ప్రాంతంలో స్టాపుల పేర్లు బోర్డుల మీద ఉండవు, జనం నోళ్లలో ఉంటాయి. రామగుండం ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే కట్టిన ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో 2021లో ఉత్పత్తి మొదలైంది. అయినా ఆటోలో వినిపించేది ‘ఎఫ్‌సీఐ క్రాస్’ అనే. అలాగే ఇంక్లైన్ అంటే భూగర్భ గనిలోకి ఏటవాలుగా దిగే దారి. ఆ దారికి వేసిన అంకె చివరకు కాలనీ పేరయింది. మన పేపర్లు యైటింక్లయిన్ అని కలిపి ఒకే మాటగా రాస్తాయి. పిల్లవాడు ఫోన్ మ్యాపులో చూసిన పేరు చెబితే డ్రైవర్ "అదెక్కడ?" అంటాడు. కాబట్టి మీ స్టాప్‌ను ఆ లైన్లో తిరిగే డ్రైవర్లు ఏమని పిలుస్తారో ముందు కనుక్కొని, అదే పేరు నేర్పండి.

ఇక అసలు విషయం, ఎప్పుడు పిలవాలి? చాలామంది పిల్లలు తమ సందు కనబడగానే పిలుస్తారు. అప్పటికే ఆలస్యం. చిన్న లెక్క వేద్దాం, మీ పిల్లలతోనే వేయించండి. ఆటో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 11 మీటర్లు. పిలుపు చెవిన పడి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే, అప్పటికే 16 మీటర్లు పోతుంది. జనం ముందుకు తూలకుండా మెల్లగా ఆపాలంటే ఇంకో 30 మీటర్లు కావాలి. అంటే సందు దగ్గర పిలిస్తే సందు దాటి 45 మీటర్ల దూరాన దిగుతారు. నిజానికి ఇంకా ఎక్కువే. డ్రైవర్ వెనక లారీ ఉందేమో అద్దంలో చూసుకొని, ఎడమ అంచుకు రావాలి కదా.

ఇదంతా మొదటి పిలుపు వినబడితే! ఇంజన్ మోత, పాటల బాక్సు, మధ్యాహ్నం మూడింటికి షిఫ్టు మారే వేళ కిక్కిరిసిన జనం. మొదటి పిలుపు గాలిలో కలిసిపోవడం మామూలే. రెండోసారి పిలిచేలోగా మూడు నాలుగు సెకన్లు, అంటే మరో 40 మీటర్లు. అందుకే స్టాప్‌కు 150 మీటర్ల ముందు పిలవాలి. అప్పుడు చేతిలో పదమూడు సెకన్లుంటాయి. రెండుసార్లు పిలిచినా ఆటో సరైన చోట ఆగుతుంది.

కదిలే ఆటోలో 150 మీటర్లు ఎవరు కొలుస్తారు? అందుకే ఒక ‘ముందు గుర్తు’ కావాలి. మీ స్టాప్‌కు కాస్త ముందు వచ్చే గుడో, పెట్రోల్ బంకో, స్పీడ్ బ్రేకరో ఎంచుకోండి. అది కనబడగానే పిలవాలి, స్టాప్ కోసం ఎదురుచూడకూడదు. ఇక్కడ తల్లిదండ్రులు ఒకటి మరిచిపోతారు. వెళ్లేటప్పటి గుర్తు తిరిగి వచ్చేటప్పుడు పనికిరాదు, ఎందుకంటే అప్పుడది స్టాప్ దాటాక వస్తుంది. రెండు వైపులకూ రెండు గుర్తులు కావాలి. పైగా వానాకాలంలో ఆటో పక్కన పరదా దించేస్తే బయట ఏమీ కనబడదు. అలాంటప్పుడు స్పీడ్ బ్రేకరే మేలు, కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

ఏమని పిలవాలి? "ఎక్స్‌క్యూజ్ మీ అంకుల్, ప్లీజ్..." అని మొదలుపెట్టిన పిల్లవాడి వాక్యం పూర్తయ్యేలోగా స్టాప్ వెళ్లిపోతుంది. మొదట పేరు, తర్వాత పని: "ఎఫ్‌సీఐ క్రాస్... ఆపన్నా!" పేరు వినగానే డ్రైవర్ చెవి అటు తిరుగుతుంది. చివరి ‘నా’ను సాగదీయవచ్చు, మోతలో సాగిన అచ్చు బాగా వినబడుతుంది. ఉత్త "ఆపు" అనడం మర్యాద కాదు. ‘అన్నా’ చేరితే అదే మాటలో గౌరవం వచ్చేస్తుంది. పెద్దవయసు డ్రైవరయితే "ఆపుండ్రి" అనడం బాగుంటుంది.

మరీ బిడియపడే పిల్లలకు ఇంకో మాట ఉంది: "దిగేటోళ్లున్నరన్నా!" ఇందులో ‘నేను’ లేదు, ‘నువ్వు ఆపు’ అనడమూ లేదు. దిగేవాళ్లున్నారన్న కబురు మాత్రమే. సిగ్గుపడే నోటికి ఇది తేలిక. హాంకాంగ్ ఎర్ర మినీబస్సుల్లోనూ ప్రయాణికులు "యౌ లోక్" అని కేక వేస్తారు. దాని అర్థం అచ్చంగా ‘దిగేది ఉంది’ అనే. ఫిలిప్పీన్స్ జీప్నీల్లో "పారా పో" అంటారు. పారా అంటే ఆపు, పో అంటే మన ‘అండి’ లాంటి మర్యాద మాట. మీ పిల్లలకు ఇది చెబితే, కేక వేయడం మోటుతనమన్న అనుమానం కొంత తగ్గుతుంది.

కూర్చునే చోటు కూడా చూసుకోవాలి. చివరి సీట్లో, లోపలి మూల కూర్చుంటే గొంతూ అందదు, దిగడానికి నలుగురిని దాటాలి. ఆ చోటే దొరికితే ఎక్కగానే పక్కన కూర్చున్న అమ్మకో, ముందున్న పెద్దాయనకో "నేను ఎఫ్‌సీఐ క్రాస్ దగ్గర దిగాలె" అని చెప్పి ఉంచాలి. పిల్లవాడి గొంతు అందకపోతే ముందు సీటు ఆయన అదే పేరు డ్రైవర్‌కు అందిస్తాడు. మన ఆటోల్లో ఇది రోజూ జరిగేదే. ఎక్కేటప్పుడు డ్రైవర్‌కు చెప్పడం మంచిదే, కానీ దాని మీద ఆధారపడకూడదు. మధ్యలో పదిమంది ఎక్కి దిగాక ఆయనకు గుర్తుండదు. చిల్లర ముందే చేతిలో ఉంచుకుంటే దిగాక రోడ్డు అంచున నిలబడి బ్యాగు వెతికే పని ఉండదు.

పిలిచినా ఆటో స్టాప్ దాటిపోతే? కదులుతుండగా కాలు కింద పెట్టకూడదు, ఇది కచ్చితంగా చెప్పండి. ఆటో పూర్తిగా ఆగాక ఎడమవైపే దిగి, రోడ్డు అంచు వెంట వెనక్కి నడవాలి. ఇల్లు అవతలి వైపున ఉంటే ఆటో వెళ్లిపోయేదాకా ఆగాలి. ఆగి ఉన్న ఆటో చాటు నుంచి రోడ్డు మీదికి వస్తే లారీ డ్రైవర్‌కు పిల్లవాడు కనబడడు. డివైడర్ ఎక్కి దాటకుండా, దారి వదిలిన చోటికి నడిచి అక్కడ దాటాలి.

వచ్చే ఆదివారం మీరూ వెంట వెళ్లండి. మొదటి విడత మీరు పిలవండి, ముందు గుర్తు ఎక్కడుందో వేలుతో చూపించండి. తిరుగు ప్రయాణంలో మీరు వెనక సీట్లో కూర్చోండి, పిల్లవాడు ముందు కూర్చుంటాడు. గుర్తు వచ్చినా వాడు పిలవకపోతే మీరు పిలవకండి. ఒక స్టాప్ ముందుకు వెళ్లి, ఇద్దరూ కలిసి వెనక్కి నడిచి రండి.