గల్లాలో డబ్బుంటే లాభమేనా?

ప్రశ్న: జహనుమాలో గాజుల దుకాణం ఒక్కదాన్నే నడుపుతున్నాను. నెలాఖరున 21,000 చేతిలో కనిపిస్తుంది, బేగంబజార్ బాకీ కట్టగానే ఖాళీ. లాభం ఎంతో షీట్‌లో ఎలా చూడాలి?

జవాబు: అమ్మా, మీరు రాసిన లెక్కే చూద్దాం. అమ్మకం 60,000. కొన్న సరుకు 50,000, అందులో కట్టింది 30,000. అద్దె, కరెంటు 9,000. చేతిలోని 21,000లో 20,000 బాకీదే. అయినా మీకు నష్టం లేదు. అమ్మకంలోంచి అమ్ముడైన సరుకు కొన్న ధర 42,000, అద్దె, కరెంటు 9,000 తీసేస్తే లాభం 9,000. అందులో 8,000 ఇంకా అరల్లో గాజులుగానే ఉంది.

అందుకే అమ్మకాల షీట్‌లో ప్రతి వరుసలో తేదీ, అమ్మిన ధరతోపాటు కొన్న ధర కూడా రాయండి. ఖర్చులకు వేరే షీట్. బాకీల షీట్‌లో A తేదీ, B వ్యాపారి, C బిల్లు, D కట్టినది. F2లో వ్యాపారి పేరు, G2లో ఇది:

```
=SUMIF(B:B,F2,C:C)-SUMIF(B:B,F2,D:D)
```

పేరు రెండు రకాలుగా రాస్తే బాకీ తప్పుగా కనిపిస్తుంది. B కాలమ్‌కు డ్రాప్‌డౌన్ పెట్టండి. నెలకోసారి వ్యాపారి ఖాతాతో సరిచూశాకే డబ్బు కట్టండి.