రోజూ తెలుగే మాట్లాడుతున్నా మాట ఎందుకు తడబడుతోంది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పెళ్లయి డాలస్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇంట్లో మావారితో, ఇక్కడి స్నేహితులతో రోజూ తెలుగులోనే మాట్లాడతాను. ఈమధ్య తెనాలిలో మా పెదనాన్నగారు పోతే పెద్దమ్మకు ఫోన్ చేశాను. నాలుగు మాటలు ఓదార్పుగా చెబుదామంటే ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చినవన్నీ ఇంగ్లీషు ముక్కలే. ఆవిడ కాసేపు విని "సరేలేమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అని పెట్టేసింది. రోజూ మాట్లాడే భాషను ఎవరైనా మరిచిపోతారా? ఇది నా నిర్లక్ష్యమేనా? – ఒక సోదరి, డాలస్

జవాబు: అమ్మా, మీరు తెలుగు మరిచిపోలేదు. ఇందులో నిర్లక్ష్యమూ లేదు. పెద్దయ్యాక పరాయి దేశం వెళ్లినవాళ్ల బుర్రలోంచి మాతృభాష చెరిగిపోదు. మాట లోపలే ఉంటుంది, కావలసిన క్షణానికి పైకి రాదు. భాషాశాస్త్రంలో దీన్ని భాషా క్షీణత అంటారు.

రెండు భాషలు వచ్చినవాళ్లలో ఆ రెండూ ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. ఒకటి మాట్లాడాలంటే రెండోదాన్ని అణచిపెట్టాలి. మీరు బయట తెలుగును అణచి ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. పైగా, వాడిన మాట సులభంగా పైకి వస్తుంది, చాలాకాలం వాడని మాటను లేపడానికి ఎక్కువ బలం కావాలి. ఈ సంగతిని మిషెల్ పారదీ అనే పరిశోధకుడు సిద్ధాంతంగా చెప్పాడు. అందుకే అన్నం, నీళ్లు, రేపు, ఎల్లుండి ఎక్కడికీ పోవు. వ్యాకరణమూ చాలావరకు చెక్కుచెదరదు. ముందుగా దూరమయ్యేవి అరుదుగా అవసరమయ్యే మాటలు. చావింట్లో, పెళ్లింట్లో, తగువులో, పొలం గట్టు మీద వాడేవి. మీకు ఆ రోజు కావలసినవి సరిగ్గా అవే.

దీనికి ఇరవై ఏళ్లు కూడా అక్కర్లేదు. స్పెయిన్‌లో ఒక సెమిస్టర్ చదివిన అమెరికన్ విద్యార్థులను అక్కడ ఉండగానే పరీక్షించారు. ఇచ్చిన కొద్ది సమయంలో ఒక కోవకు చెందిన పేర్లు, ఉదాహరణకు జంతువుల పేర్లు, సొంత భాష ఇంగ్లీషులో చెప్పమన్నారు. ఇంటిపట్టునే ఉండి స్పానిష్ నేర్చుకున్నవాళ్ల కంటే వీళ్లు తక్కువ చెప్పారు. తిరిగొచ్చిన కొన్ని నెలలకు మళ్లీ మామూలైపోయారు. 2009లో అచ్చయిన ఈ పరిశోధన మీకు ధైర్యమివ్వాలి.

ఇక మీ అసలు ప్రశ్నకు వద్దాం. రోజూ మాట్లాడుతున్నా ఎందుకిలా? ఇంట్లో మీ మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "పిల్లాణ్ణి ప్రాక్టీస్‌కి డ్రాప్ చేసి, గ్రోసరీస్ పికప్ చేసుకుని వస్తా. నువ్వు ఆ బిల్ పే చేశావా?" క్రియల చివర్లు, విభక్తులు తెలుగు, మిగతాదాంట్లో చాలావరకు ఇంగ్లీషు. దీన్ని తప్పు పట్టను. ఇద్దరికీ రెండు భాషలూ వచ్చినప్పుడు ఎక్కడైనా జరిగేదే ఇది. కానీ ఆ మాటల్లో ఇంగ్లీషును అణచవలసిన అవసరం మీకు ఒక్కసారీ పడదు. తెలుగు మాట తట్టకపోతే ఇంగ్లీషు మాట సిద్ధంగా ఉంటుంది, వెతుకులాట అక్కడే ఆగిపోతుంది.

కెనడా, నెదర్లాండ్స్‌లలో చాలా ఏళ్లుగా ఉంటున్న జర్మన్లను మోనికా ష్మిడ్ పరిశీలించింది. ఇంట్లో, స్నేహితుల మధ్య జర్మన్ ఎంత మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి వాళ్ల పట్టులో పెద్ద తేడా కనబడలేదు. పని కోసం జర్మన్ వాడేవాళ్లలో మాత్రం భాష బాగా నిలిచింది. పనిలో భాషలు కలిపి మాట్లాడితే కుదరదు కాబట్టి అని ఆమె వివరణ. అంటే ఎన్ని గంటలు మాట్లాడామన్నది కాదు, ఇంగ్లీషు సాయం లేకుండా ఎంత మాట్లాడామన్నది లెక్క.

ముందు మీ తెలుగు ఎక్కడ ఆగుతోందో చూసుకోండి. ఈ రంగంలో పరిశోధకులు చాప్లిన్ సినిమా 'మోడరన్ టైమ్స్' లోంచి పది నిమిషాల ముక్క చూపించి కథ చెప్పమంటారు. ఆకలితో ఉన్న అమ్మాయి రొట్టె దొంగిలించి పారిపోతూ చాప్లిన్‌ను ఢీకొట్టే చోటు నుంచి చూడండి. చూశాక ఫోన్‌లో రికార్డు చేస్తూ తెలుగులో చెప్పండి. తర్వాత వినండి. "రొట్టె స్టీల్ చేసింది" అన్నారా? చాప్లిన్ ఆ నేరాన్ని తన మీద వేసుకుంటాడు, పోలీసు బండి ప్రమాదానికి గురవుతుంది. అవి చెప్పాల్సిన చోట "అదీ... ఏంటంటే..." అని సాగదీశారా? ఆ చోట్లన్నీ రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూసుకునేటప్పుడు వేరే ముక్క తీసుకోండి. అదే ముక్క అయితే మీరు చూసేది తెలుగును కాదు, జ్ఞాపకశక్తిని.

మందు మాత్రం పెద్దమ్మగారి దగ్గరే ఉంది. వారానికోసారి అరగంట ఫోన్ చేయండి. "తిన్నారా, ఎలా ఉన్నారు" తో ఆపితే ఉపయోగం లేదు, ఆ మాటలు మీకు ఎలాగూ వచ్చు. పెదనాన్నగారు ఊడ్పుల రోజుల్లో ఏం చేసేవారో, వాళ్ల పెళ్లిలో ఎవరు అలిగారో, ఇల్లు కట్టినప్పుడు డబ్బు ఎలా సర్దారో అడగండి. మీరూ ఒక సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. మాట తట్టకపోతే ఇంగ్లీషుకు పోకుండా చుట్టూ తిప్పి చెప్పండి, ఆవిడే అందిస్తుంది. అందించిన మాటను ఆ ఫోన్‌లోనే మరో రెండుసార్లు వాడండి. మీ ఊళ్లో పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లుంటే వారానికోసారి వాళ్ల దగ్గర కూర్చోండి. సినిమాలు చూడటం వల్ల మాట అర్థమవుతుంది గానీ నోటికి రావడం వేరే పని.

ఒక్క హెచ్చరిక. మాట దొరక్కపోవడం తెలుగుకే పరిమితమైతే భయం లేదు. ఇంగ్లీషులోనూ రోజూ వాడే వస్తువుల పేర్లు తప్పిపోతుంటే న్యూరాలజిస్టును కలవండి. ఉన్నట్టుండి మాట పడిపోతే అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మావాడు అయిదేళ్లప్పుడు మాతో న్యూజెర్సీ వచ్చాడు. ఇప్పుడు ఇరవై. అర్థం చేసుకుంటాడు, మాట్లాడలేడు. వాడికీ ఇదే ఉపాయమా? – ఒక తండ్రి

జవాబు: కాదండీ. సుమారు పన్నెండేళ్ల లోపు భాష ఇంకా గట్టిపడదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లిన కొరియా పిల్లలను పెద్దయ్యాక పరీక్షిస్తే, కొరియన్ వాక్యాలను మిగతా తెలియని భాషల నుంచి వేరుగా పోల్చుకోలేకపోయారు. మీవాడు ఇంట్లో తెలుగు వింటూ పెరిగాడు కాబట్టి అంత దూరం పోలేదు. కానీ అతనికి ఉన్నది వినికిడి భాష. కొన్ని క్రియారూపాలు అసలు స్థిరపడే ఉండవు. పెద్దయ్యాక వచ్చినవాళ్లు గుర్తు తెచ్చుకోవాలి, అతను నేర్చుకోవాలి. పాఠంగా చెప్పించండి, తప్పులకు నవ్వకండి.

ప్రశ్న: అమ్మ నా యాస మారిందంటోంది. నాకు తేడా తెలియడం లేదు. – ఒక పాఠకుడు, చికాగో

జవాబు: అమ్మగారి మాట నిజమే అయ్యుంటుంది. అమెరికన్ ఇంగ్లీషులో మాట మొదట వచ్చే ప, ట, క లకు గాలి తోడవుతుంది, మన ప, ట, క లకు అది ఉండదు. ఏళ్ల తరబడి అక్కడ మాట్లాడితే ఆ గాలి తెలుగులోకీ వస్తుంది. అరచేయి నోటి ముందు పెట్టుకుని "పాలు, పని, కాలు" అనండి. గాలి గట్టిగా తగిలితే అదే మీ అమ్మగారు విన్న తేడా. అమెరికా, బ్రెజిల్ మధ్య తిరిగిన ఒక విద్యార్థిని ఉచ్చారణను 1990లలో కొలిచారు. బ్రెజిల్‌లో కొన్ని నెలలు ఉండి వచ్చినప్పుడు ఆ గాలి తగ్గింది, అమెరికాలో ఉంటే పెరిగింది. మీరూ ఊరెళ్లి కొన్నాళ్లు ఉంటే మారుతుంది. దీనికి వేరే చికిత్స అక్కర్లేదు.