నలభై అయిదు శాతం వెనుక ఏముంది?

కంపెనీల ఫలితాల్లో రెండు శాతాలు తరచుగా కనిపిస్తాయి. వాటాదారుల సొమ్ము మీద, వడ్డీ, పన్ను పోగా మిగిలిన లాభం ఎంతో చెప్పేది రిటర్న్ ఆన్ ఈక్విటీ. వాటాదారుల సొమ్ముకు దీర్ఘకాలిక అప్పును కూడా కలిపి, ఆ మొత్తం మీద వడ్డీకి, పన్నుకు ముందున్న లాభం ఎంతో చెప్పేది రిటర్న్ ఆన్ క్యాపిటల్ ఎంప్లాయిడ్. సులువుగా ఉండేందుకు మొదటిదాన్ని ఈక్విటీ రాబడి అనీ, రెండోదాన్ని మూలధన రాబడి అనీ అందాం.

నోటు పుస్తకాలు తయారుచేసే రెండు కంపెనీలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కదానిలో 100 లక్షల రూపాయల మూలధనం ఉంది. మొదటి కంపెనీది మొత్తం సొంత సొమ్మే. రెండోదానిలో సొంత సొమ్ము 20 లక్షలు, మిగతా 80 లక్షలు 10 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు. రెండూ ఈ ఏడాది వడ్డీకి, పన్నుకు ముందు 20 లక్షలు సంపాదించాయి. కాబట్టి రెండింటి మూలధన రాబడీ 20 శాతమే.

ఇప్పుడు 25 శాతం పన్ను తీసేద్దాం. మొదటి కంపెనీకి 15 లక్షలు మిగులుతాయి, ఈక్విటీ రాబడి 15 శాతం. రెండోది ముందు 8 లక్షల వడ్డీ కట్టాలి. మిగిలిన 12 లక్షల్లో పన్ను పోగా 9 లక్షలు మిగులుతాయి. సొంత సొమ్ము 20 లక్షలే కాబట్టి ఈక్విటీ రాబడి 45 శాతం! యంత్రాలు అవే, పనితనం అదే. తేడా అంతా అప్పుదే.

ఆ లాభాన్ని రెండూ డివిడెండుగా పంచేశాయి. మరుసటి ఏడాది కాగితం ధర పెరిగి సంపాదన 6 లక్షలకు పడిపోయింది. మొదటి కంపెనీకి పన్ను పోగా నాలుగున్నర లక్షలు మిగిలాయి. రెండోదానికి వడ్డీ 8 లక్షలు కట్టక తప్పదు, 2 లక్షల నష్టం వచ్చింది. దాని సొంత సొమ్ము 18 లక్షలకు తగ్గింది.

అసలు తమాషా మూడో ఏడాది. సంపాదన మళ్లీ 20 లక్షలకు వస్తే, పాత నష్టానికి దొరికే పన్ను తగ్గింపును పక్కన పెట్టినా, రెండో కంపెనీ లాభం 9 లక్షలే. కానీ 18 లక్షల మీద అది 50 శాతం! నష్టపోయిన కంపెనీ మునుపటికన్నా గొప్పగా కనిపిస్తోంది. లాభం పెరగలేదు, భాగించే సంఖ్య తగ్గిందంతే. ఈక్విటీ రాబడి మూలధన రాబడికన్నా బాగా ఎక్కువగా ఉంటే, వడ్డీకి ముందున్న లాభం వడ్డీకి ఎన్ని రెట్లుందో చూడాలి. మొదటి ఏడాది రెండో కంపెనీకి అది రెండున్నర రెట్లు, చెడ్డ ఏడాదిలో ఒక రెట్టు కూడా లేదు.

మూలధన రాబడిని కూడా పూర్తిగా నమ్మలేం. యంత్రాల విలువ తరుగుదల వల్ల ఏటా పుస్తకాల్లో తగ్గుతుంది. కొత్తవి కొనకుండా పాతవాటితోనే నెట్టుకొస్తే మూలధనం చిన్నదవుతూ శాతం పెరుగుతుంది. బ్యాలెన్స్ షీటుకు జతచేసే వివరాల్లో యంత్రాల కొన్న ధర, ఇప్పటివరకు తీసేసిన తరుగుదల పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదానికి దగ్గరపడితే, త్వరలో పెద్ద ఖర్చు రావచ్చు.